ఒలిచిన రొయ్యకు వేరే నంబరు

రెండు ట్రేలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన వనామీ రొయ్యలే. రెండింటినీ నీళ్లలో ఉడికించారు, రెండింటినీ గడ్డకట్టించారు. ఒక ట్రేలోవి పెంకుతోనే ఉన్నాయి, రెండో ట్రేలోవి ఒలిచేశారు. తినేవాడికి తేడా ఒలుచుకునే శ్రమ ఒక్కటే. కస్టమ్స్ వాళ్ల పుస్తకంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు సరుకులు. పెంకుతో ఉన్నది మూడో చాప్టర్‌లో చేపలు, పీతల సరసన 0306 అనే నంబరు కింద ఉంటుంది. ఒలిచినది అక్కణ్నుంచి లేచి పదహారో చాప్టర్‌కు వెళ్లి, 1605 కింద ‘తయారుచేసిన ఆహారం’ అయిపోతుంది. యూరోపియన్ యూనియన్ సాధారణ సుంకాల పట్టికలో వనామీ జాతి రొయ్యకు మొదటి నంబరు కింద 12 శాతం, రెండో నంబరు కింద 20 శాతం. కొన్ని దేశాలకు ఇచ్చే రాయితీలు వేరే సంగతి.

ఇదేం లెక్క అనిపిస్తుంది. లెక్కంతా 0306 అనే శీర్షిక కింద రాసిన వాక్యంలో ఉంది. ఆ వాక్యం పచ్చి రొయ్యల విషయంలో ఉదారంగా ఉంటుంది: పెంకు ఉన్నా లేకున్నా, బతికున్నా, చల్లబరిచినా, గడ్డకట్టించినా, ఎండబెట్టినా, ఉప్పులో వేసినా అన్నీ తనవే అంటుంది. ఉడికించిన వాటి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి బిగించి, ఆవిరి మీదగానీ నీళ్లలోగానీ ఉడికించినవైతే ‘పెంకుతో ఉన్నవి’ మాత్రమే నావి అంటుంది. ఒలిచి ఉడికించిన రొయ్యకు ఆ వాక్యంలో చోటు లేదు. చోటు లేని సరుకు తర్వాతి గదికి పోవాల్సిందే. నిజమైన తగువు ఇక్కడే మొదలవుతుంది. ఒలిచిన రొయ్యను గడ్డకట్టించే ముందు కాసేపు వేడినీళ్లలో ముంచి తీస్తే అది ఉడికినట్టా, పైపైన వేడి తగిలినట్టా? లోపలి కండ దాకా ఉడికిందో లేదో ల్యాబ్‌కు నమూనా పంపి తేల్చుకునేదాకా కంటైనర్ కదలదు. అందులో ఉన్నదేమో చల్లారకుండా కాదు, కరగకుండా కాపాడుకోవాల్సిన సరుకు. కంటైనర్‌కు కరెంటు బిల్లు రోజూ నడుస్తూనే ఉంటుంది.

ఈ నంబర్లనే హెచ్‌ఎస్ కోడ్‌లు అంటారు. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ వీటిని నడుపుతుంది. 1988 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు దాదాపు ప్రపంచ వాణిజ్యమంతా వీటి మీదే నడుస్తోంది. మొదటి రెండు అంకెలు చాప్టర్‌ను, నాలుగు అంకెలు హెడింగ్‌ను, ఆరు అంకెలు దానిలోని ఉపవిభాగాన్ని చెబుతాయి. ఆరు అంకెల వరకు అన్ని దేశాలకూ ఒకటే. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానికి ఆ దేశం తగిలించుకుంటుంది. మన దేశం రెండు కలిపి ఎనిమిది చేసుకుంది. చైనా అమ్మకందారు పంపిన ఇన్వాయిస్‌లో పొడుగాటి నంబరు ఉంటే, మన వ్యాపారి దాన్నే ఇక్కడి కాగితాల్లోకి ఎత్తి రాసేయడం రేవుల్లో చాలా మామూలు. ఆ నంబరు చివరి అంకెలకు ఇక్కడ అర్థం లేదు. పైగా మొదటి ఆరు అంకెలనైనా ఆ అమ్మకందారు తన ఎగుమతి రాయితీ చూసుకుని రాశాడో, నిజంగా సరుకు చూసి రాశాడో మనకు తెలియదు. ఇక్కడ సంతకం పెట్టి బాధ్యుడయ్యేది దిగుమతి చేసుకునేవాడే.

కోడ్ ఎంచుకోవడానికి ఆరు సూత్రాలున్నాయి. వాటిలో మొదటిదే తొంభై పాళ్లు పని చేస్తుందని నా నమ్మకం. చాప్టర్ పేరు చూసి మోసపోవద్దు, అది దారి చూపే బోర్డు మాత్రమే, అసలు చట్టం హెడింగ్‌లోని మాటలూ, సెక్షన్‌కు, చాప్టర్‌కు ముందు రాసిన గమనికలూ అని అది చెబుతుంది. జనం సరుకును సంతలో ఏమని పిలుస్తారన్నది ఆ తర్వాతి మాట. ఈ గమనికల దగ్గరే పెద్దపెద్ద కంపెనీలూ, ప్రభుత్వమూ కలిసి పదిహేనేళ్లు కోర్టుల్లో తిరిగిన ఒక కథ ఉంది. దానికి కారణం మన ఇళ్లలో అద్దం పక్కన ఉండే చిన్న కొబ్బరినూనె సీసా.

కొబ్బరినూనె వంటకు వాడేదైతే 1513, తలకు రాసుకునే తయారీ అయితే 3305. పెద్ద డబ్బాతో గొడవ లేదు. యాభై, వంద మిల్లీలీటర్ల సీసాలో స్వచ్ఛమైన కొబ్బరినూనె అమ్మితే దాని పేరేమిటి? తమిళనాడు, కేరళ, కోనసీమల సంగతి వేరుగానీ, అంత చిన్న సీసా కొని పప్పు తాలింపు పెట్టేవాళ్లు ఎందరుంటారని ఎక్సైజ్ వాళ్ల వాదన. 200 మిల్లీలీటర్ల లోపు సీసాలన్నీ తలనూనెగానే లెక్కించాలని 2009లో ఒక సర్క్యులర్ కూడా వచ్చింది, 2015లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ముందుకు వస్తే వాళ్లూ చెరొక దారి పట్టారు. జస్టిస్ రంజన్ గొగోయ్ తినే నూనె అన్నారు, జస్టిస్ ఆర్. భానుమతి తలనూనె అన్నారు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 డిసెంబర్ 18న తేల్చింది.

ఆ తీర్పు ఆనుకున్నది ముప్పై మూడో చాప్టర్ ముందున్న ఒక గమనిక మీద. 3305 లాంటి హెడింగ్‌ల కిందికి ఒక వస్తువు రావాలంటే, అది ఆ వాడకానికి పనికొస్తే చాలదు. ఆ వాడకం కోసమే చిల్లరగా అమ్మే రకం ప్యాకింగ్‌లో కూడా ఉండాలి. కొబ్బరినూనె తలకు పనికొస్తుంది, నిజమే. కానీ చిన్న సీసా అన్నంత మాత్రాన అది తలనూనె ప్యాకింగ్ అయిపోదు, తినే నూనెనూ చిన్న సీసాల్లో అమ్ముతారు అంది కోర్టు. సీసా మీద తలకు రాసుకోవడానికని చెప్పే మాటగానీ గుర్తుగానీ లేకుండా, తినే నూనెకు ఉండాల్సిన ముద్రలతో ఉంటే అది తినే నూనె. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్లి తలకు రాసుకున్నా సరే, సీసా రేవులోనో ఫ్యాక్టరీ గేటులోనో ఉన్నప్పటి రూపమే లెక్క. జీఎస్టీ వచ్చాక ఈ తగువు విలువ 5 శాతానికీ 18 శాతానికీ మధ్య తేడా. 2025 సెప్టెంబర్ 22 నుంచి తలనూనె మీద కూడా 5 శాతమే చేశారు. అన్నేళ్ల వాదన చివరికి రేటు తేడా లేని తగువుగా మిగిలింది. పాత సంవత్సరాల లెక్కలకు మాత్రం తీర్పు పనికొస్తుంది.

కొబ్బరినూనె ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లిపోయాక కోర్టుకెక్కింది కాబట్టి ఎవరి సరుకూ ఆగలేదు. దిగుమతి సరుకు అలా కాదు, అది రేవు గేటు లోపల ఉండగానే తగువు మొదలవుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ప్లే స్కూళ్లకు సామాన్లు అమ్మే వ్యాపారి ఉన్నాడనుకుందాం. ఊహించుకున్న మనిషే, కానీ అతను పడే చిక్కు కల్పన కాదు. అతను ఒక కంటైనర్‌లో రెండు రకాల సరుకు తెప్పించాడు. ఒకటి, ముక్కలుగా విడదీసి చూపించే ప్లాస్టిక్ గుండె నమూనాలు. రెండు, చెక్క పలక మీద అక్షరాలు అమర్చే పజిల్ బోర్డులు. వాటి విలువ 10 లక్షలు. రెండూ బడికే కదా అని బిల్ ఆఫ్ ఎంట్రీలో ఒకే వరుసలో ‘ఎడ్యుకేషనల్ మెటీరియల్’ అని రాయించి, 9023 కోడ్ వేశాడు. సనత్‌నగర్ ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపోకు సరుకు వచ్చింది.

9023 హెడింగ్ బోధనలో, ప్రదర్శనల్లో చూపించడానికి తయారుచేసిన పరికరాలు, నమూనాలు అంటుంది. దాని చివర చిన్న ముక్క ఒకటుంది: ‘ఇతర వాడకాలకు పనికిరానివి’. గుండె నమూనాతో పిల్లవాడు ఆడుకోవడం కష్టం, అది చూపించడానికే. దానికి ఆ కోడ్ నప్పుతుంది. పజిల్ బోర్డు అలా కాదు. బడిలోనూ, ఇంట్లోనూ, రైల్లోనూ ఆడుకోవచ్చు. పైగా బొమ్మల హెడింగ్ అయిన 9503లో ‘అన్ని రకాల పజిళ్లు’ అని విడిగా రాసి ఉంది. పెట్టె మీద ‘మూడేళ్లు దాటిన పిల్లలకు’ అని బొమ్మల మాట కూడా ముద్రించి ఉంది. దీన్ని 9023లో ఉంచడం సాధ్యం కాదు.

రేటు తేడా పెద్దది. మన దేశంలో బొమ్మల మీద మూల సుంకం 2020 దాకా 20 శాతం ఉండేది. ఆ ఏడాది 60కి, 2023లో 70కి పెంచారు. 9023 కింద 10 శాతం అనుకుంటే, పది లక్షల సరుకుకు కట్టాల్సింది లక్ష. 9503 కింద ఏడు లక్షలు. సెస్సులు, ఐజీఎస్టీ పక్కన పెట్టినా తేడా ఆరు లక్షలు. ఆ ఆరు లక్షలు చూసే వ్యాపారి కంగారు పడతాడు. కానీ అతన్ని నిజంగా ముంచేది ఆ డబ్బు కాదు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి. ఆ ముద్ర వేసుకునే లైసెన్స్ విదేశంలో బొమ్మ తయారుచేసిన ఫ్యాక్టరీ పేరు మీద ఉండాలి. కోడ్ 9023 నుంచి 9503కి మారిన క్షణంలో ఆ పజిల్ బోర్డు ఎక్కువ సుంకం కట్టాల్సిన సరుకు మాత్రమే కాదు, అనుమతి లేకుండా వచ్చిన సరుకు కూడా అయిపోతుంది. సుంకమైతే అప్పో సప్పో చేసి కట్టేయొచ్చు. లైసెన్స్ కోసం ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీని తనిఖీ చేసి రావాలి. కంటైనర్ డిపోలో నిలబడి ఉండగా అయ్యే పని కాదు.

ఆలస్యం ఎలా పెరుగుతుందో చూడండి. ఇప్పుడు కాగితాలు పరిశీలించే అధికారి ఆ డిపోలోనే ఉండనక్కర్లేదు, వేరే ఊళ్లో కంప్యూటర్ ముందు ఉంటాడు. ‘ఎడ్యుకేషనల్ మెటీరియల్’ అన్న రెండు మాటలతో అతనికి ఏమీ తెలియదు కాబట్టి ఫొటోలు, కేటలాగ్ పంపమని క్వెరీ పెడతాడు. బ్రోకర్ వ్యాపారిని అడగాలి, వ్యాపారి అమ్మకందారును అడగాలి, జవాబు వచ్చేసరికి రెండు మూడు రోజులు. అదీ చాలకపోతే పెట్టెలు విప్పి చూడమని డిపోలోని అధికారులకు ఆదేశం వెళ్తుంది. వాళ్లు చూసి, మూడేళ్ల పిల్లల మాట, ముద్ర లేకపోవడం రెండూ రాసి పంపుతారు. అధికారి కోడ్ మారుస్తాడు. వ్యాపారి ఒప్పుకోకపోతే కారణాలు చెబుతూ ఉత్తర్వు ఇవ్వడానికి చట్టం పదిహేను రోజులు ఇచ్చింది. ఈలోగా షిప్పింగ్ కంపెనీ ఇచ్చిన ఉచిత రోజులు అయిపోయి కంటైనర్ అద్దె మొదలవుతుంది, డిపో అద్దె మొదలవుతుంది. ఈ రెండింటికీ, కోడ్ ఎవరిది కరెక్టు అన్న దానికీ సంబంధం లేదు. చివరికి వ్యాపారే గెలిచినా అద్దెలు వెనక్కి రావడం కష్టం. తగువు నడిచేటట్టుంటే సరుకును కస్టమ్స్ చట్టం 49వ సెక్షన్ కింద గోదాముకు మార్చమని అడిగి, కంటైనర్‌ను ఖాళీ చేసి పంపించేయడం తెలివైన బ్రోకర్ చేసే మొదటి పని. చాలామంది ‘రేపు తేలిపోతుంది’ అని రోజులు లెక్కపెడుతూ కూర్చుంటారు.

ఇందులో మరో నష్టం చేతులారా తెచ్చుకున్నది. గుండె నమూనాలతో ఏ తగువూ లేదు. కానీ ఒకే వరుసలో రాయించాడు కాబట్టి అవీ పజిళ్లతో పాటే ఆగిపోయాయి. పజిళ్లు చివరికి జరిమానా కట్టి తిప్పి పంపుకోవాలి, లేదా నాశనం చేయాలి.

ఆ కంటైనర్ ఎవరి కంటా పడకుండా బయటికి వచ్చేస్తే మంచిదే కదా అనుకునేవాళ్లుంటారు. అది మరీ ఖరీదైన దారి. సరుకు వెళ్లాక కూడా ఆడిట్ ఉంటుంది. మోసం, దాపరికం లేని సందర్భంలో రెండేళ్ల వరకూ, ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే అయిదేళ్ల వరకూ వెనక్కి వెళ్లి నోటీసు ఇవ్వొచ్చు. మన వ్యాపారి ఇలాంటివే నాలుగు కంటైనర్లు దించాడనుకుందాం. ఒక్కోదాని మీద ఆరు లక్షల చొప్పున తక్కువ కట్టింది 24 లక్షలు. ఏడాదికి 15 శాతం వడ్డీ, సగటున ఏడాది ఆలస్యం అనుకుంటే 3 లక్షల 60 వేలు. దాపరికం అని తేలితే సుంకానికి సమానంగా పెనాల్టీ, అంటే మరో 24 లక్షలు. మొత్తం 51 లక్షల 60 వేలు. ఆ నాలుగు కంటైనర్లలో సరుకు విలువే 40 లక్షలు. పజిళ్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి, కొన్న స్కూళ్ల దగ్గరకు వెళ్లి పెరిగిన సుంకం వసూలు చేయలేడు. ఉత్తర్వు వచ్చిన ముప్పై రోజుల్లో అంతా కట్టేస్తే పెనాల్టీ నాలుగో వంతుకు, అంటే ఆరు లక్షలకు తగ్గుతుంది. మోసం లేని సందర్భంలో నోటీసు రాకముందే సుంకం, వడ్డీ తానే కడితే అసలు పెనాల్టీయే ఉండదు. తన తప్పు తానే గమనించినవాడికి చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది.

మరి కోడ్ తప్పు రాసినవాళ్లందరూ మోసగాళ్లేనా? ఇక్కడ 1998లో నార్తర్న్ ప్లాస్టిక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వ్యాపారులకు గట్టి ఆసరా. సరుకు ఏమిటో ఉన్నదున్నట్టు రాసి, దాన్ని తాను నమ్మిన హెడింగ్ కింద వేసుకుంటే అది అభిప్రాయమే గానీ తప్పుడు ప్రకటన కాదు. అధికారి ఒప్పుకోకపోతే కోడ్ మారుతుంది, తేడా సుంకం కట్టాలి, అంతే. అంటే కాపాడేది వర్ణనే. ‘పజిల్ బోర్డు’ అని రాసి 9023 వేసినవాడికీ, ‘ఎడ్యుకేషనల్ మెటీరియల్’ అని రాసి 9023 వేసినవాడికీ కోడ్ ఒకటే అయినా, రెండోవాడి మీద దాచాడన్న నింద నిలబడే అవకాశం చాలా ఎక్కువ. నా ఉద్దేశంలో కోడ్ ఎంచుకోవడానికి పట్టే శ్రమలో సగం వర్ణన రాయడం మీద పెట్టినా చాలా నోటీసులు పుట్టవు.

వస్తువునే మభ్యపెట్టే రూపంలో తెచ్చిన కథ ఒకటి అమెరికాలో ఉంది. అక్కడ అప్పట్లో సరుకులు మోసే చిన్న వ్యాన్ల మీద 25 శాతం, మనుషులను మోసే బండ్ల మీద 2.5 శాతం సుంకం ఉండేది. ఫోర్డ్ కంపెనీ టర్కీలో చేయించిన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లను వెనక సీట్లతో దించి, ప్రయాణికుల బండిగా సుంకం కట్టి, కస్టమ్స్ దాటగానే ఆ సీట్లు పీకేసి సరుకుల వ్యాన్‌గా అమ్మింది. సరుకు దిగినప్పటి రూపమే లెక్క కదా, దిగినప్పుడు సీట్లున్నాయి కదా అన్నది కంపెనీ వాదన. కొబ్బరినూనె సీసా కథ విన్నవాళ్లకు అది న్యాయంగానే తోస్తుంది. కింది కోర్టు ఒప్పుకుంది కూడా. 2019లో అప్పీలు కోర్టు మాత్రం హెడింగ్‌లోని మాట పట్టుకుంది. ‘ప్రధానంగా మనుషుల రవాణా కోసం రూపొందించిన’ అని అక్కడుంది. రూపకల్పన ఉద్దేశం చూడకుండా ఆ మాటకు అర్థం లేదు, ఉద్దేశం చూస్తే ఆ సీట్లు ఎవరూ కూర్చోడానికి పెట్టినవి కావు. 2024 మార్చిలో ఫోర్డ్ తప్పు ఒప్పుకోకుండానే 36.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. నూనె సీసాలో వాడకం పట్టించుకోని కోర్టు, వ్యాన్‌లో పట్టించుకుంది. పొరపొచ్చమేమీ లేదు, రెండు చోట్లా హెడింగ్‌లో, గమనికలో ఉన్న మాటలే వేరు.

నిజంగానే ఎటూ తేలని సరుకైతే, ముందే అడిగి తెలుసుకునే దారి ఉంది. దిగుమతి చేసుకోవాలనుకునేవాడు ఢిల్లీ, ముంబయిలలోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలని చట్టం. ఆ నిర్ణయం అడిగినవాడికీ, కస్టమ్స్‌కూ కట్టుబాటు. పరిస్థితులూ చట్టమూ మారనంతవరకు, అదీ చట్టం పెట్టిన గడువు లోపలే నిలుస్తుంది. మూడు నెలలు ఆగే ఓపిక లేనివాడు కనీసం ఆర్డర్ పెట్టకముందే అమ్మకందారు నుంచి పెట్టె ఫొటో, పెట్టె మీది రాతలు తెప్పించుకుని, ఆ ఫొటోను హెడింగ్ పక్కన పెట్టి చదవాలి. సరుకు ఓడెక్కాక పెట్టె మీది అక్షరం మారదు.

మన ఊహా వ్యాపారి తర్వాతి కంటైనర్‌లో గుండె నమూనాలు ఒక వరుసలో ఉన్నాయి. పజిళ్లు బీఐఎస్ లైసెన్స్ ఉన్న వేరే ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. వాటి వరుసలో బ్రోకర్ ఇలా రాశాడు: చెక్క పలక పజిల్, అక్షరాలు 26 ముక్కలు, కరెంటు లేనిది, మూడేళ్లు దాటిన పిల్లలకు, 9503.